ఆ రెండు ప్రశ్నలు మరోసారి చూడండి

2024 మే 5న జరిగిన నీట్ పరీక్షలో భౌతికశాస్త్రం నుంచి వచ్చిన ఒక ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రెండు వాక్యాలిచ్చి ఏది ఒప్పో ఏది తప్పో తేల్చమన్న ప్రశ్న అది. పరమాణువులు విద్యుత్ పరంగా తటస్థంగా ఉంటాయన్నది మొదటి వాక్యం. ప్రతి మూలకపు పరమాణువులూ స్థిరంగా ఉండి తమ లాక్షణిక వర్ణపటాన్ని వెలువరిస్తాయన్నది రెండోది. రేడియోధార్మిక మూలకాల పరమాణువులు స్థిరం కావు కాబట్టి రెండో వాక్యం తప్పన్నది పరీక్ష నిర్వహించిన ఎన్‌టీఏ ఇచ్చిన కీ. కానీ పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ఆ వాక్యాన్ని ఒప్పుగానే చెప్పింది. ఆ పుస్తకం చదివినవాళ్లు రెండు వాక్యాలూ సరైనవేనని గుర్తించారు. అభ్యంతరాలు రావడంతో ఎన్‌టీఏ రెండు జవాబులకూ మార్కులిచ్చింది.

ఆ ఏడాది మొదట ప్రకటించిన ఫలితాల్లో 720కి 720 మార్కులు 67 మందికి వచ్చాయి. వారిలో 44 మందికి పూర్తి మార్కులు దక్కడానికి ఈ ఒక్క ప్రశ్నే కారణం. చివరికి కోర్టు కోరిక మీద ఐఐటీ ఢిల్లీ నిపుణులు ముగ్గురు కూర్చుని సరైన జవాబు ఒక్కటేనని తేల్చారు. జూలై 23న కోర్టు ఆ మాటను ఆమోదించింది. రెండో జవాబు గుర్తించిన నాలుగు లక్షల మందికి పైగా విద్యార్థులకు ఐదేసి మార్కులు తగ్గాయి. రావలసిన నాలుగు పోయాయి, తప్పు జవాబుకు మైనస్ ఒకటి పడింది. సవరించిన జాబితాలో పూర్తి మార్కులవాళ్లు 17 మందే మిగిలారు.

ముగ్గురు నిపుణులు కూర్చుని ఆ వాక్యం మీద చేసిన పని, పరీక్షకు ముందే జరగాల్సిన పని. ఏ పరీక్షా వ్యవస్థలోనైనా దానికో చోటుంది. ప్రశ్నపత్రం ముసాయిదాగా ఉన్నప్పుడు, ప్రశ్నలు తయారుచేసిన పరీక్షకుడు మోడరేటర్‌కు రాసే చిన్న లేఖే ఆ చోటు. 'ఫలానా రెండు ప్రశ్నలపై అభ్యంతరం వచ్చింది, మరోసారి చూడండి' అని అడిగే ఆ లేఖ బయటివాళ్లెవరికీ కనిపించదు. అది సరిగ్గా రాస్తే పరీక్ష రోజు ఏ గొడవా జరగదు. గొడవ జరగలేదు కాబట్టి దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు. అలాంటి లేఖ ఒకటి ఎలా ఉండాలో, అందులో ఏ వాక్యం ఎందుకు కావాలో ఇక్కడ దగ్గరగా చూద్దాం.

ముసాయిదా నుంచి ప్రెస్ దాకా

పెద్ద పరీక్ష ఏదైనా ప్రశ్నపత్రం ఒక్కరి చేతిలో పూర్తి కాదు. పేపర్ సెట్టర్‌కు ముందుగా ఒక బ్లూప్రింట్ ఇస్తారు. ఏ యూనిట్ నుంచి ఎన్ని మార్కులు రావాలి, జ్ఞాపకశక్తిని పరీక్షించే ప్రశ్నలెన్ని, ఆలోచింపజేసేవెన్ని అన్నది అందులో ఉంటుంది. సెట్టర్ దాని ప్రకారం ప్రశ్నలు రాసి, ప్రతి ప్రశ్నకూ జవాబు, ఏ మెట్టుకు ఎన్ని మార్కులో చెప్పే మూల్యాంకన స్కీమ్ జతచేసి పంపుతారు. తర్వాత ఆ పేపరును వేరొకరు, అంటే పరిశీలకులు, విద్యార్థిలా కూర్చుని మొదటి నుంచి చివరిదాకా రాసి చూస్తారు. స్కీమ్ చూడకుండా రాయడం ఇందులో ముఖ్యం. జవాబు ముందే చూసినవాళ్లకు ప్రశ్నలోని లోపం కనిపించదు, కళ్లు తమంతట తామే దాన్ని పూరించేసుకుంటాయి. పరిశీలకుల అభ్యంతరాలతో సహా పేపరు మోడరేటర్ దగ్గరికి వెళ్తుంది. ప్రశ్నను ఉంచాలా, మార్చాలా, తీసేయాలా అన్న తుది మాట మోడరేటర్‌దే.

చాలా యూనివర్సిటీల్లో సెట్టర్ ఎవరో మోడరేటర్‌కు తెలియదు. ఇద్దరి మధ్యా ఏ కాగితం నడిచినా పరీక్షల నియంత్రణాధికారి కార్యాలయం ద్వారానే నడుస్తుంది. కాలేజీ స్థాయి పరీక్షల్లో నేరుగా రాసుకునే వీలుంటుంది. దారి ఏదైనా లేఖలో ఉండాల్సిన విషయం ఒకటే.

ఒక ఉదాహరణ కల్పించుకుందాం. కొన్ని జూనియర్ కాలేజీలు కలిసి ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థులకు భౌతికశాస్త్రంలో ప్రీఫైనల్ పరీక్ష పెడుతున్నాయి. ముసాయిదాను రాసి చూసిన పరిశీలకురాలు రెండు ప్రశ్నల దగ్గర ఆగారు. ఒకటి ఒక మార్కు బిట్టు, మరొకటి ఎనిమిది మార్కుల లెక్క. సెట్టర్ మోడరేటర్‌కు రాసిన లేఖ ఇలా ఉంది.

లేఖ

గౌరవనీయులైన మోడరేటర్ గారికి,

నమస్కారం. సెట్–2 ముసాయిదాలో 7వ, 19వ ప్రశ్నలపై పరిశీలకురాలు అభ్యంతరం తెలిపారు. మొదటిదానిలో వారు సూచించిన మార్పు అవసరమేనని నాకూ అనిపిస్తోంది. రెండోదానిలో వారి వాదన సగం ఒప్పుకుంటాను, సగం ఒప్పుకోలేను. రెండింటిపైనా మీ నిర్ణయం కోరుతున్నాను. మిగతా ప్రశ్నలపై ఏ అభ్యంతరమూ లేదు.

*ప్రశ్న 7 (1 మార్కు), ప్రస్తుత రూపం:* ఒక వాయువుకు 500 జౌళ్ల ఉష్ణాన్ని అందించారు. ఈ ప్రక్రియలో జరిగిన పని 200 జౌళ్లు. వాయువు అంతర్గత శక్తిలో మార్పు ఎంత? ఎ) 300 బి) 700 సి) 200 డి) 500 జౌళ్లు.

నా కీ: ఎ.

అభ్యంతరం: పని ఎవరు చేశారో ప్రశ్నలో లేదు. వాయువు వ్యాకోచిస్తూ పని చేస్తే జవాబు 300. బయటి నుంచి వాయువును నొక్కుతూ పని చేస్తే 700. రెండూ ఎంపికల్లో ఉన్నాయి.

నా అభిప్రాయం: భౌతికశాస్త్ర పుస్తకంలో ఈ నియమాన్ని ΔQ = ΔU + ΔW అని రాస్తాం. అందులో పని అంటే వ్యవస్థ చేసిన పని. ఆ లెక్కన నా కీ సరైనదే. అయితే ఇదే పిల్లలు ఇదే ఏడాది రసాయనశాస్త్రంలో ΔU = q + w అని చదువుతారు. అక్కడ పని అంటే వ్యవస్థపై జరిగిన పని. ఏ పుస్తకాన్ని మనసులో పెట్టుకోవాలో ప్రశ్న చెప్పడం లేదు.

ప్రతిపాదన: 'ఒక వాయువు 500 జౌళ్ల ఉష్ణాన్ని గ్రహించి, వ్యాకోచిస్తూ పరిసరాలపై 200 జౌళ్ల పని చేసింది. దాని అంతర్గత శక్తిలో మార్పు ఎంత?' ఏ పుస్తకం పద్ధతిలో చేసినా జవాబు 300 జౌళ్లే వస్తుంది.

*ప్రశ్న 19 (8 మార్కులు), ప్రస్తుత రూపం:* 30° వాలు ఉన్న తలంపై 2 కిలోల దిమ్మెను నిశ్చల స్థితి నుంచి వదిలారు. దిమ్మెకూ తలానికీ మధ్య ఘర్షణ గుణకం 0.6. తలం వెంబడి 3 మీటర్లు జారాక దిమ్మె వడి ఎంత?

నా ఉద్దేశం: సూత్రంలో అంకెలు వేసే ముందు, దిమ్మె అసలు కదులుతుందా లేదా అని విద్యార్థి ఆలోచిస్తారా అన్నది చూడటం. tan 30° విలువ 0.577. ఘర్షణ గుణకం అంతకంటే ఎక్కువ కాబట్టి దిమ్మె కదలదు. అదే నేను ఆశించిన జవాబు.

అభ్యంతరం: '3 మీటర్లు జారాక' అని ప్రశ్నే చెబుతోంది. కాబట్టి దిమ్మె జారిందని విద్యార్థి నమ్మాలి. జారదని లెక్కలో తేలితే తానే తప్పు చేశానని అనుకుంటారు, లేదా ప్రశ్నలో అచ్చుతప్పు ఉందని ఇన్విజిలేటర్‌ను అడుగుతారు.

నా అభిప్రాయం: ఈ ఆలోచన పేపర్లో ఉండాలి, మిగతా లెక్కలన్నీ నేరుగా సూత్రంలో వేసేవే. అయితే ప్రశ్న విద్యార్థికి అబద్ధం చెప్పకూడదన్న అభ్యంతరం న్యాయమైనది.

ప్రతిపాదన: ప్రశ్నను రెండు భాగాలు చేయడం. (అ) ఘర్షణ గుణకం 0.6 అయితే దిమ్మె కదులుతుందా? కారణం చూపండి. 3 మార్కులు. (ఆ) తలాన్ని నునుపు చేసి ఘర్షణ గుణకాన్ని 0.5కు తగ్గిస్తే, 3 మీటర్లు జారాక దిమ్మె వడి ఎంత? 5 మార్కులు. g = 10 m/s², √3 = 1.73గా తీసుకోండి.

సవరించిన స్కీమ్, రెండు భాషల్లో ప్రశ్నల పాఠం జతచేశాను. 19వ ప్రశ్నను పూర్తిగా తీసేయాలని మీరు భావిస్తే, అదే యూనిట్ నుంచి ఎనిమిది మార్కుల రిజర్వు ప్రశ్న కూడా కవరులో ఉంది.

ఇట్లు,
పేపర్ సెట్టర్, సెట్–2

ఏడో ప్రశ్నలో తగాదా

లేఖలో చెప్పుకోదగ్గది ముందు దాని తీరు. సెట్టర్ తన కీ సరైనదేనని నిరూపించుకుని ఆగిపోవచ్చు. నిజానికి భౌతికశాస్త్ర పుస్తకం ఆయన పక్షానే ఉంది. కానీ ముసాయిదా దశలో అడగాల్సిన ప్రశ్న వేరు. పాఠం బాగా వచ్చిన విద్యార్థి, నిజాయితీగా ఆలోచించి, మరో జవాబుకు చేరుకునే అవకాశం ఉందా? ఉంటే ప్రశ్న మారాల్సిందే. సెట్టర్ తప్పు చేశారా లేదా అన్నది అక్కడ పనికిరాని చర్చ.

ఏడో ప్రశ్నలో ఆ అవకాశం స్పష్టంగా ఉంది. ఇంటర్ ఎంపీసీ, బైపీసీ పిల్లలు ఉదయం భౌతికశాస్త్రం క్లాసులో ఒక గుర్తు పద్ధతి, మధ్యాహ్నం రసాయనశాస్త్రం క్లాసులో దానికి ఎదురు పద్ధతి నేర్చుకుంటారు. రెండూ సరైనవే. వాయువు పని చేస్తే ఒక పద్ధతిలో దాన్ని ఖర్చుగా తీసివేస్తాం, రెండో పద్ధతిలో రుణసంఖ్యగా రాసి కలుపుతాం. ఏ దారిన పోయినా 500 జౌళ్లు వచ్చాయి, 200 పోయాయి, 300 మిగిలాయి. 'జరిగిన పని 200' అని మాత్రమే చెప్పినప్పుడు ఆ 200 వచ్చిందో పోయిందో తెలియదు. బాగా చదివిన విద్యార్థికే ఇక్కడ సందేహం ఎక్కువ, ఎందుకంటే రెండు పద్ధతులూ తనకు తెలుసు.

నీట్ ప్రశ్నలోనూ జరిగింది ఇదే. ఒకే విషయం మీద విద్యార్థుల చేతుల్లో రెండు పుస్తకాలున్నాయి. ఆ సంగతి పేపరు ముసాయిదాగా ఉన్నప్పుడే ఎవరైనా గమనించి రాసి ఉంటే రెండో వాక్యంలో ఒక మాట మార్చితే సరిపోయేది.

సెట్టర్ ప్రతిపాదించిన మార్పు తర్వాత 700 అన్న ఎంపిక స్వభావమే మారిపోతుంది. ముందు అది సమర్థించుకోదగిన జవాబు. ఇప్పుడు గుర్తుల్లో పొరబడినవాళ్లు మాత్రమే చేరుకునే తప్పు జవాబు. బిట్టుకు అలాంటి తప్పు ఎంపికలే కావాలి, విద్యార్థి ఎక్కడ తడబడ్డారో అవి చూపిస్తాయి. ఇక్కడ మోడరేటర్ ఇంకో అడుగు వేయొచ్చు. 200, 500 అన్నవి ప్రశ్నలో ఉన్న అంకెలే, ఏ లెక్కా చేయకుండా కనిపించేవి. 200 బదులు –300 పెడితే ఉష్ణాన్నీ పనినీ తారుమారు చేసినవాళ్లు కూడా తేలుతారు. అప్పుడు ఒక మార్కు బిట్టు రెండు రకాల పొరపాట్లను విడదీసి చూపుతుంది.

కదలని దిమ్మె

పందొమ్మిదో ప్రశ్న దగ్గర వివాదం మరింత లోతైనది. ఏడో ప్రశ్నలో లోపం రాతలో ఉంది. ఇక్కడ ఇద్దరూ తమ తమ వైపు నుంచి సరిగ్గానే మాట్లాడుతున్నారు.

అంకెలు వేసి చూద్దాం. దిమ్మె బరువు 20 న్యూటన్లు. 30° వాలులో దాన్ని కిందికి లాగే బలం అందులో సగం, అంటే 10 న్యూటన్లు. తలం దిమ్మెపై చూపే లంబ బలం 17.3 న్యూటన్లు. ఘర్షణ గుణకం 0.6 కాబట్టి ఘర్షణ గరిష్ఠంగా 10.38 న్యూటన్ల దాకా ఎదురు నిలవగలదు. లాగేది 10, ఆపగలిగింది 10.38. దిమ్మె కదలదు. నిలిచిన దిమ్మె మీద ఘర్షణ 10 న్యూటన్లే పనిచేస్తుంది, అవసరమైనంత మేరకే. ఈ మాట అర్థమైన విద్యార్థికి ఘర్షణ అర్థమైనట్టే. దీన్ని అడగాలన్న సెట్టర్ పట్టుదల సబబైనది.

ఇప్పుడు పరీక్ష హాలులో ఇదే ప్రశ్న అందుకున్న విద్యార్థిని ఊహించండి. '3 మీటర్లు జారాక' అని అచ్చులో ఉంది కాబట్టి జారిందనే లెక్క మొదలుపెడతాడు. నికర బలం –0.38 న్యూటన్లు. త్వరణం –0.19 m/s². వడి వర్గం –1.14. వర్గమూలం కింద రుణసంఖ్య! వెనక్కి వెళ్లి మళ్లీ మొదటి నుంచి చేస్తాడు, మళ్లీ అదే వస్తుంది. సమయం పోతుంది. చివరికి మైనస్ గుర్తు వదిలేసి 1.07 m/s అని రాసి తర్వాతి ప్రశ్నకు వెళ్తాడు. ఇంకో అమ్మాయి 'దిమ్మె జారదు' అని రాసి, 'ప్రశ్నలో డేటా తప్పేమో' అని పక్కన చేరుస్తుంది. మూల్యాంకనంలో మొదటివాడికి ఎన్ని మార్కులు, రెండో అమ్మాయికి ఎన్ని? పాత స్కీమ్‌లో ఈ రెండింటికీ జవాబు లేదు. ఒక గదిలో ఒక లెక్చరర్ మూడిస్తే, ఇంకో గదిలో ఇంకొకరు సున్నా ఇస్తారు.

రెండు భాగాలుగా విడగొట్టడంతో ఈ చిక్కు తీరుతుంది. మొదటి భాగం దిమ్మె కదులుతుందా అని నేరుగా అడుగుతుంది. సెట్టర్ కోరిన ఆలోచన అలాగే నిలుస్తుంది, ప్రశ్న మాత్రం అబద్ధం చెప్పదు. వాలు వెంబడి లాగే బలానికి ఒక మార్కు, గరిష్ఠ ఘర్షణకు ఒకటి, రెండింటినీ పోల్చి ముగింపు చెప్పినందుకు ఒకటి. రెండో భాగంలో ఘర్షణ 8.65 న్యూటన్లు, నికర బలం 1.35, త్వరణం 0.675 m/s², వడి దాదాపు 2 m/s. మొదటి భాగంలో పొరబడినవాళ్లు కూడా రెండో భాగం స్వేచ్ఛగా చేయవచ్చు, ఒకదాని జవాబు రెండోదానికి అవసరం లేదు. ఎనిమిది మార్కుల లెక్కలో ఇది పెద్ద విషయం. ఒక్క చోట కాలు జారితే మొత్తం పోయే లెక్క విద్యార్థికి తెలిసినదాన్ని కొలవలేదు.

√3 = 1.73 అని ప్రశ్నలోనే ఇవ్వాలన్న చిన్న వాక్యానికీ కారణముంది. రెండో భాగంలో 10 నుంచి 8.65 తీసేస్తున్నాం. దగ్గరదగ్గర ఉన్న రెండు సంఖ్యలను తీసివేసినప్పుడు చిన్న తేడా పెద్దదవుతుంది. √3ని 1.7గా తీసుకున్న విద్యార్థికి ఘర్షణ 8.5 వస్తుంది, త్వరణం 0.75 అవుతుంది, వడి 2.12 వస్తుంది. √3 విలువలో రెండు శాతం కూడా లేని తేడా త్వరణంలో పదకొండు శాతమైంది. విద్యార్థి చేసిన పద్ధతి సరైనదే. విలువ ముందే ఇచ్చేస్తే ఈ తేడా పుట్టదు. ఇవ్వకపోతే స్కీమ్‌లో ఏ పరిధిలోని జవాబుకు పూర్తి మార్కులో రాయాలి. రెండూ లేకపోతే మళ్లీ మూల్యాంకన గదిలో తగువే.

మోడరేటర్ చేతిలో

ఇంత వివరంగా లేఖ అందినప్పుడు మోడరేటర్ చేసే పని, ఇద్దరిలో ఎవరు గెలిచారో చెప్పడం కాదు. కొత్త రూపాన్ని తాను స్వయంగా మళ్లీ చేసి చూడటం. అభ్యంతరం వచ్చిన ప్రశ్నను సవరించే తొందరలోనే కొత్త తప్పులు దూరతాయి. మన ఉదాహరణలోనే ఒకటుంది. సెట్టర్ ప్రతిపాదించిన రెండో భాగంలో ఘర్షణ గుణకం 0.5 అన్నారు. ఏ ఘర్షణ? నిలిచిన వస్తువును ఆపే స్థైతిక ఘర్షణా, జారుతున్న వస్తువును అడ్డుకునే గతిక ఘర్షణా? స్థైతిక గుణకం సాధారణంగా గతిక గుణకం కంటే కాస్త ఎక్కువ. గతిక గుణకం 0.5 అయి, స్థైతిక గుణకం 0.6గానే మిగిలితే దిమ్మె రెండో భాగంలోనూ కదలదు! మొదటి భాగంలో ఇదే ఆలోచన నేర్పి, రెండో భాగంలో దాన్నే మరిచినట్టవుతుంది. 'స్థైతిక, గతిక ఘర్షణ గుణకాలు సమానమని భావించండి' అన్న ఒక్క వాక్యం చేరిస్తే రంధ్రం మూసుకుంటుంది. సెట్టర్ కంటికీ పరిశీలకురాలి కంటికీ ఆననిది మూడో మనిషికి కనిపించింది. మూడు దశలు పెట్టుకున్నది ఇందుకే.

మన రాష్ట్రాల్లో ఇంకో జాగ్రత్త తప్పనిసరి. పేపరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అచ్చవుతుంది. ఇంగ్లీషు ప్రశ్నలో 0.6ను 0.5 చేసి, తెలుగు ప్రశ్నలో పాతదే వదిలేస్తే తెలుగు మాధ్యమం పిల్లలకు జారని దిమ్మె మిగులుతుంది, ఇంగ్లీషు మాధ్యమం పిల్లలకు జారేది. అందుకే సెట్టర్ రెండు భాషల్లో పాఠం జతచేశారు. సవరణ జరిగిన ప్రతిసారీ నాలుగు కాగితాలు కలిసి మారాలి: తెలుగు ప్రశ్న, ఇంగ్లీషు ప్రశ్న, కీ, స్కీమ్. ఆఖరున, ఇంతవరకూ ఈ పేపరు చూడని ఒక అధ్యాపకుడు ఆ రెండు ప్రశ్నలను తెలుగు ప్రతి నుంచి చేసి, స్కీమ్‌తో పోలిస్తే పని ముగిసినట్టు.

మోడరేటర్ అధికారానికి హద్దులూ ఉన్నాయి. ప్రశ్నను మార్చవచ్చు, తీసేయవచ్చు, కానీ బ్లూప్రింట్‌ను కదిలించకూడదు. ఘర్షణ ప్రశ్న తీసేసి దాని చోట ఉష్ణశాస్త్రం లెక్క పెడితే ఒక యూనిట్‌కు మార్కులు తగ్గి ఇంకోదానికి పెరుగుతాయి. సెట్టర్ లేఖలో అదే యూనిట్ నుంచి అన్నే మార్కుల రిజర్వు ప్రశ్న జతచేసింది ఈ ఇబ్బంది రాకూడదనే. తీసేయాలనుకున్నా మోడరేటర్ చేతిలో దారి సిద్ధంగా ఉంది.

అక్కరకు రాని లేఖలు

ఇదే సందర్భంలో చాలా చోట్ల వెళ్లే లేఖ ఇంకోలా ఉంటుంది. 'రెండు ప్రశ్నలపై అభ్యంతరాలు వచ్చినందున దయచేసి పరిశీలించగలరు' అని ఒకే వాక్యం. ఏ ప్రశ్న, ఏ అభ్యంతరం, జవాబేమిటి అన్నది మోడరేటర్ మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. టైమ్ లేకపోతే రెండు ప్రశ్నలనూ కొట్టేసి సులువైనవి పెట్టేస్తారు. పేపర్లో ఆలోచించాల్సిన ప్రశ్న ఒక్కటే ఉంటే అదే ముందు పోతుంది. ఇంకో రకం లేఖలో సెట్టర్ తన అనుభవాన్ని, చదువును చెప్పుకుని అభ్యంతరాన్ని కొట్టిపారేస్తారు. అవతలివారి వాదన అందులో కనిపించదు. చదివే మోడరేటర్‌కు ప్రశ్న బదులు సెట్టర్ మీద తీర్పు చెప్పాల్సిన పరిస్థితి వస్తుంది. అభ్యంతరాన్ని అవతలివారు ఒప్పుకునే మాటల్లో రాయగలిగితేనే, సెట్టర్‌కు ఆ అభ్యంతరం అర్థమైందని తెలుస్తుంది.

గోప్యత సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. ప్రశ్న పాఠం ఎప్పుడూ సీల్డ్ కవరులోనే ఉండాలి. బయటి కవరింగ్ లెటర్‌లో సెట్ నంబరు, ప్రశ్న నంబర్లు తప్ప ఏమీ ఉండకూడదు. 'సార్, 19వ ప్రశ్న ఓసారి చూస్తారా' అంటూ వాట్సాప్‌లో ఫొటో పెట్టడం అన్ని విధాలా తప్పు. ఆ ఫొటో ఎవరి ఫోన్ గ్యాలరీలో, ఎవరి బ్యాకప్‌లో మిగిలిపోతుందో చెప్పలేం. మంచి ఉద్దేశంతో చేసిన సవరణే లీకుకు దారి తీస్తే ఆ పేపరు మొత్తం పారేయాల్సి వస్తుంది.

పరీక్ష అయ్యాక దిద్దలేనివి

'కీ తర్వాత సరిచేయొచ్చు కదా, అభ్యంతరాలు తీసుకుంటున్నారు కదా' అని కొందరంటారు. మన ప్రవేశ పరీక్షల్లో ప్రాథమిక కీ విడుదల చేసి అభ్యంతరాలు స్వీకరించే పద్ధతి ఉంది. అది ఉండాల్సిందే. కానీ అప్పటికి ముందున్న దారులన్నీ ఎవరో ఒకరికి నష్టం చేసేవే. ప్రశ్నను తొలగిస్తే దాన్ని కష్టపడి సరిగ్గా చేసినవాళ్ల మార్కులు పోతాయి. అందరికీ మార్కులు కలిపితే అసలు ముట్టుకోనివాళ్లకూ వస్తాయి. రెండు జవాబులూ ఒప్పంటే ఏం జరిగిందో 2024లో చూశాం. వర్గమూలం కింద రుణసంఖ్య చూసి పదిహేను నిమిషాలు కుస్తీ పట్టిన విద్యార్థికి ఆ సమయాన్ని ఏ కమిటీ తిరిగి ఇవ్వలేదు. ఆ పదిహేను నిమిషాల్లో రాయలేకపోయిన వేరే జవాబులు ఏ రికార్డులోనూ కనిపించవు.

సుప్రీంకోర్టు ఈ మాట ఎప్పుడో చెప్పింది. 1983లో కాన్పూర్ యూనివర్సిటీ కేసులో, ఉత్తరప్రదేశ్ వైద్య ప్రవేశ పరీక్షలో తప్పుడు కీ వల్ల నష్టపోయిన విద్యార్థుల పక్షాన తీర్పునిస్తూ కీలను ముందే మోడరేట్ చేసే పద్ధతి ఉండాలని సూచించింది. సందిగ్ధమైన ప్రశ్నలు పేపర్లో రాకుండా చూడాలని కోరింది. అదే తీర్పు ఇంకో సూత్రాన్నీ నిలబెట్టింది. కీ తప్పని స్పష్టంగా తేలనంతవరకూ దాన్ని సరైనదిగానే భావించాలి. అంటే సందేహం మాత్రమే ఉన్న ప్రశ్న విషయంలో కోర్టుకు వెళ్లిన విద్యార్థి గెలవడం కష్టం. కోర్టులో సందేహం పరీక్షా సంస్థకు అనుకూలం. కాబట్టి ముసాయిదా దశలోనైనా సందేహం విద్యార్థికి అనుకూలం కావాలి, ఎందుకంటే ఆ తర్వాత ఇంకెక్కడా అది దక్కదు.

మన ఉదాహరణలోని మోడరేటర్ చివరికి ఇలా రాశారు: 'ప్రశ్న 7, సెట్టర్ సూచించిన రూపంలో ఆమోదం, ఎంపిక సి మార్పు. ప్రశ్న 19, రెండు భాగాలుగా ఆమోదం, స్థైతిక–గతిక గుణకాల వాక్యం చేర్చాలి. స్కీమ్ తదనుగుణంగా సవరించాలి. రెండు భాషల ప్రతులూ సరిచూసి సంతకం చేయాలి.' నాలుగు వాక్యాలు. ఆ కాగితం, దానికి ముందు లేఖ, పరిశీలకురాలి అభ్యంతరం మూడూ కలిపి ఫైలులో ఉండాలి. వచ్చే ఏడాది కొత్త సెట్టర్‌కు ఉష్ణగతికశాస్త్రం బిట్టు రాసేటప్పుడు పని ఎవరు చేశారో రాయాలని, ఘర్షణ లెక్కలో అంకెలు మార్చే ముందు tan విలువ చూసుకోవాలని చెప్పడానికి ఆ ఫైలు చాలు. అభ్యంతరం చెప్పిన పరిశీలకురాలికీ, సగం ఒప్పుకుని సగం నిలబడ్డ సెట్టర్‌కూ, మళ్లీ లెక్క చేసి చూసిన మోడరేటర్‌కూ ఆ విద్యార్థుల పేర్లు ఎప్పటికీ తెలియవు. తెలియనివాళ్ల కోసం ఇంత శ్రద్ధ పెట్టేవాళ్లుంటేనే పరీక్షలో వచ్చిన మార్కుకు విలువ ఉంటుంది.